సర్కారు టెండరులో ధర: ఎక్కడ తగ్గాలి, ఎక్కడ ఆగాలి

ప్రభుత్వ టెండరులో వేసే ధర బజారు ధర కాదు. బజారులో కొనేవాడు డబ్బిచ్చి సరుకు తీసుకుపోతాడు, లెక్క అక్కడితో తీరిపోతుంది. ప్రభుత్వ కార్యాలయం సరుకు ముందు దింపించుకుంటుంది, పరీక్షిస్తుంది, తరువాత బిల్లు చెల్లిస్తుంది, వారంటీ కాలం గడిచేదాకా కొంత హామీ సొమ్మును కట్టిపడేస్తుంది. ఈ మధ్యకాలానికయ్యే ఖర్చంతా సరఫరాదారుదే. అది టెండరు పత్రంలో ఎక్కడా రూపాయల్లో కనిపించదు, షరతుల రూపంలో కనిపిస్తుంది. కనుక ధర లెక్కకు మొదట తెరవాల్సింది ఫ్యాక్టరీ ఖాతా పుస్తకం కాదు, టెండరు పత్రమే.

హైదరాబాదు శివారు పారిశ్రామికవాడలో ఇనుప ఫర్నిచర్ తయారుచేసే ఒక చిన్న సంస్థను ఉదాహరణగా ఊహించుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ పరిధిలోని ఒక విద్యాసంస్థకు ఇద్దరు పిల్లలు కూర్చునే బల్లలు, అంటే డ్యూయల్ డెస్కులు, 1,000 కావాలి. ఎనిమిది చోట్ల దింపి, బిగించి ఇవ్వాలి. వారంటీ మూడేళ్లు. కొనుగోలు జెమ్ పోర్టల్ ద్వారా జరుగుతుంది. 2016లో మొదలైన ఈ పోర్టల్‌లో కేంద్ర కార్యాలయాలు తమకు కావలసిన సరుకులు కొంటాయి. ముందు సాంకేతిక అర్హత చూస్తారు, తరువాత ధరలు తెరుస్తారు, ఆపైన రివర్స్ ఆక్షన్, అంటే ధర తగ్గించుకుంటూ పోయే వేలం, పెడతారు. అందరికంటే తక్కువ వేసినవారిని ఎల్-వన్ అంటారు. ఇక్కడ వేసే ధరలో జీఎస్టీ, రవాణా, దింపుడు, బిగింపు అన్నీ కలిసి ఉండాలి. తరువాత విడిగా అడగడానికి ఏమీ ఉండదు. ఈ ఉదాహరణలోని రేట్లు లెక్క అర్థం కావడానికి అనుకున్నవే. ఇనుము ధర నెలనెలా మారుతుంది, లెక్క వేసే పద్ధతి మారదు.

ముందు ఒక్క బల్లకయ్యే ఖర్చు. జీఎస్టీ పక్కన పెట్టి చూస్తే ఇనుప స్క్వేర్ పైపుకు, మిగతా ఇనుప భాగాలకు తరుగుతో కలిపి 1,180 రూపాయలు. బోర్డు, లామినేట్, అంచు పట్టీలకు 900. పౌడర్ కోటింగు, బోల్టులు, కాళ్లకు వేసే రబ్బరు బుష్‌లకు 270. వెల్డింగు, బిగింపు కూలీ 420. ప్యాకింగుకు 80. మొత్తం 2,850. దీనికి లారీ కిరాయి, హమాలీ, బడి దగ్గర బిగించే మనిషి ఖర్చు కలిపి 200 చేరిస్తే 3,050. ఇంతవరకు ఏ వర్క్‌షాపు యజమానైనా వేళ్లమీద చెప్పేస్తాడు. చాలామంది దీనిమీదే పది శాతం వేసుకుని ధర నింపేస్తారు. ఆర్డరు వచ్చిన సంబరం బిల్లు చేతికందే రోజుకు మిగలకపోవడానికి కారణం ఇదే.

3,050 తరువాత వచ్చేవి షరతుల ఖర్చులు. వాటిలో పెద్దది పెట్టుబడి మీద వడ్డీ. జెమ్ నిబంధనల్లో సరుకు అందాక పది రోజుల్లో స్వీకరణ పత్రం, ఆ తరువాత పది రోజుల్లో చెల్లింపు అని ఉంటుంది. నిబంధనను నమ్మి ధర కట్టడం కంటే ఆ కార్యాలయానికి ఇంతకుముందు సరఫరా చేసినవారిని విచారించడం తెలివైన పని. ఇనుము కొన్న రోజు నుంచి డబ్బు వచ్చే రోజు దాకా, తయారీ నెలన్నర, ఎనిమిది చోట్ల దింపడం, తనిఖీ, బిల్లు కదలిక అన్నీ కలిపి నాలుగు నెలలు అనుకుంటే, ముప్పై లక్షల పైచిలుకు పెట్టుబడికి ఏడాదికి 12 శాతం చొప్పున వడ్డీ లక్షా ఇరవై వేలు. బల్లకు 120 రూపాయలు. రెండు నెలల్లోనే డబ్బిచ్చే కార్యాలయమైతే ఇది 60. అంటే కొనుగోలుదారు అలవాటే ధరలో అరవై రూపాయల తేడా తెస్తుంది.

రెండోది పనితీరు హామీ, అంటే పర్ఫార్మెన్స్ సెక్యూరిటీ. కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్లలో ఇది సాధారణంగా కాంట్రాక్టు విలువలో 3 నుంచి 5 శాతం దాకా ఉంటుంది. ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. ఉద్యమ్‌లో నమోదైన సూక్ష్మ, చిన్న తయారీ సంస్థలకు మినహాయింపు ఉన్నది ఈఎండీకి, అంటే టెండరు వేసేటప్పుడు కట్టే ధరావతుకు. గెలిచాక ఇచ్చే పనితీరు హామీకి కాదు. సుమారు 42 లక్షల కాంట్రాక్టుకు 5 శాతమంటే రెండు లక్షల పైన బ్యాంకు గ్యారంటీ. మూడేళ్ల వారంటీ దాటి మరో రెండు నెలల దాకా అది చెల్లుబాటులో ఉండాలి. బ్యాంకు కమిషను ఒకటి, గ్యారంటీ కోసం బ్యాంకు పట్టి ఉంచే డిపాజిట్ మీద వచ్చే వడ్డీకి, సంస్థ అప్పు మీద కట్టే వడ్డీకి మధ్య తేడా మరొకటి. రెండూ కలిపి బల్లకు దగ్గర దగ్గర 50 రూపాయలు. మూడేళ్లలో ఊడిన బోర్డులు, విరిగిన వెల్డింగులు బాగుచేసి రావడానికి 40. పోర్టల్ రుసుముకు, ఆలస్యమైతే పడే కోతకు కలిపి 20. జెమ్‌లో ఆలస్యానికి వారానికి అర శాతం చొప్పున, గరిష్ఠంగా 10 శాతం దాకా కోస్తారు. రెండు వారాలు ఆలస్యమైతే మొత్తం ఆర్డరు మీద 42 వేలు పోతాయి.

అన్నీ కలిపితే 3,280. ఈ మొత్తం ఆర్డరు తీసుకుంటేనే అయ్యే ఖర్చు, తీసుకోకపోతే అవ్వదు. దీనికి షెడ్డు అద్దె, సూపర్‌వైజర్ జీతం, ఆఫీసు ఖర్చులో బల్లకు పడే వాటా 200 చేరిస్తే 3,480. ఇది పూర్తి ఖర్చు. 8 శాతం మార్జిన్ కావాలంటే 3,480కి 8 శాతం కలపడం కాదు. అమ్మకం ధరలో 8 శాతం మిగలాలి గనుక 3,480ని 0.92తో భాగించాలి. 3,783 వస్తుంది. కలిపితే వచ్చేది 3,758. బల్లకు ఇరవై అయిదు రూపాయలు, వెయ్యి బల్లలకు పాతిక వేలు, కేవలం లెక్క తప్పడం వల్ల జారిపోతాయి. 18 శాతం జీఎస్టీ కలిపితే పోర్టల్‌లో వేయాల్సిన ధర 4,460 చుట్టూ తేలుతుంది.

ఈ ధరతో గెలవడం కష్టమనిపించినప్పుడు చేతికి ముందుగా దొరికేది మార్జినే. దాన్ని కోయడం తేలిక, ఎవరినీ అడగనక్కరలేదు. కానీ పదును పెట్టాల్సిన చోటు అది కాదు. టెండరు పత్రంలోని స్పెసిఫికేషన్ పేజీని మేస్త్రీ పక్కన కూర్చుని చదవడంతో అసలు పని మొదలవుతుంది. ఈ ఉదాహరణలో టెండరు అడిగింది 25 మిల్లీమీటర్ల స్క్వేర్ పైపు, గోడ మందం కనీసం 1.2 మిల్లీమీటర్లు. సంస్థ ఏళ్లుగా ప్రైవేటు కళాశాలలకు చేస్తున్న మోడల్‌లో మందం 1.6. పైన వేసిన 1,180 రూపాయలు ఆ పాత మోడల్ బరువు మీద వచ్చినవి. పైపు మందం తగ్గితే బరువు దాదాపు అదే నిష్పత్తిలో తగ్గుతుంది. 12 కిలోల పైపు 9 కిలోల చిల్లరకు దిగుతుంది. కిలో 70 రూపాయల రేటున, తరుగు కూడా కలుపుకుంటే బల్లకు 200 రూపాయల ఆదా. వెయ్యి బల్లలకు రెండు లక్షలు. నాణ్యతలో మోసమేమీ లేదు, అడిగింది అడిగినట్టే ఇవ్వడం.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. 1.2 అని అమ్మే పైపు కొలిస్తే కొన్నిసార్లు 1.1 దగ్గర ఉంటుంది. మిల్లు వాళ్లు అనుమతించిన తేడా అని దాన్ని సమర్థించుకుంటారు. టెండరు మాత్రం ‘కనీసం’ అన్నది. తనిఖీ అధికారి మైక్రోమీటరు పెట్టి 1.1 చూపిస్తే మొత్తం లాట్ వెనక్కి వస్తుంది, లారీ కిరాయి రెండువైపులా సంస్థ నెత్తిన పడుతుంది. అందుకని పైపు కొనేటప్పుడే పరీక్ష సర్టిఫికెట్ తీసుకోవాలి, దింపుకునేటప్పుడు ప్రతి కట్టలో నుంచి ఒక్కటైనా కొలవాలి. 1.25 దగ్గర ఉన్న సరుకు దొరికితే నాలుగు రూపాయలు ఎక్కువైనా అదే మంచిది.

పదును పెట్టగల రెండో చోటు రవాణా. పూర్తిగా బిగించిన బల్లల్లో గాలే ఎక్కువ, బరువు తక్కువ. లారీ బరువుతో కాక జాగాతో నిండిపోతుంది. కాళ్ల చట్రం విడిగా, పైబోర్డులు విడిగా పేర్చి బడి దగ్గర బోల్టులు బిగిస్తే ఒక్కో లారీలో చాలా ఎక్కువ పడతాయి. కానీ బిగించే కూలీ పెరుగుతుంది, బోల్టు సరిగ్గా పడకపోతే వారంటీ ఫిర్యాదులూ పెరుగుతాయి. ఎనిమిది చోట్లూ ఒకే దారిలో ఉంటే లాభమే. నాలుగు జిల్లాల్లో చెదిరి ఉంటే ఆదా అంతంత మాత్రమే. ఈ ఉదాహరణలో రవాణా ఖర్చును అలాగే 200 దగ్గర ఉంచి, పైపు ఆదాను మాత్రమే లెక్కలోకి తీసుకుంటే, ఆర్డరు వల్ల అయ్యే ఖర్చు 3,080కి, పూర్తి ఖర్చు 3,280కి దిగాయి. పాత 8 శాతం మార్జిన్‌తోనే జీఎస్టీ కలిపిన ధర 4,200 అయింది. 260 రూపాయలు తగ్గినా మార్జిన్ చెక్కుచెదరలేదు.

స్పెసిఫికేషన్‌లో అర్థం కానిదేమైనా ఉంటే బిడ్ గడువుకు ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. ‘బోర్డు 18 మిల్లీమీటర్లు’ అని ఉండి అది ప్లైవుడ్డో పార్టికల్ బోర్డో చెప్పకపోతే, ఆ ఒక్క మాటలో రెండు మూడు వందల తేడా దాగుతుంది. ఫోనులో చెప్పిన సమాధానానికి విలువ లేదు. పోర్టల్‌లో అందరికీ కనిపించేలా సవరణ వస్తేనే పోటీదారులంతా ఒకే సరుకుకు ధర వేస్తారు.

సాంకేతిక కవరు గురించి చెప్పాల్సింది తక్కువే. టర్నోవరు సర్టిఫికెట్, అనుభవ పత్రాలు, ఉద్యమ్ నమోదు, అడిగిన ఫార్మాట్‌లో అఫిడవిట్. వీటిలో ఒక్క సంతకం లేకపోయినా ధర తెరవకుండానే బయటికి పంపుతారు. ఎంత పదునైన ధరయినా అప్పుడు ఎవరూ చూడరు.

ధరలు తెరిచిన తరువాత వేలం. జెమ్‌లో అత్యధిక ధర వేసినవారిని వేలానికి ముందే తప్పించే ఏర్పాటు ఉంది. కనుక బేరానికి జాగా ఉంచుకుందామని మొదటి ధరను బాగా పెంచి వేయడం ప్రమాదం. మొదటి ధర లక్ష్యానికి దగ్గరగా, అంటే ఇక్కడ 4,200 దగ్గరే ఉండాలి. వేలం మొదలవకముందే మూడు అంకెలు కాగితం మీద రాసి, యజమాని సంతకం పెట్టి ఉంచుకోవడం మేలు. లక్ష్యం 4,200. పూర్తి ఖర్చుకు జీఎస్టీ కలిపిన గిట్టుబాటు గీత 3,870. అద్దె, జీతాల వాటా వదిలేసి ఆర్డరు ఖర్చు మాత్రమే వచ్చే చివరి గీత 3,634.

వేలంలో పేర్లు కనిపించవు, ధర మాత్రమే కనిపిస్తుంది. ఒక్కో మెట్టు ఒక శాతం అనుకుంటే తగ్గేది 42 రూపాయలు. చూడ్డానికి చిన్న మొత్తం. కానీ 4,200 దగ్గర జీఎస్టీ తీసేస్తే సంస్థకు మిగిలే లాభం 280 రూపాయలు. నాలుగు మెట్లు దిగి 4,032కి చేరేసరికి ఆ లాభం 137. ధర నాలుగు శాతం తగ్గింది, లాభం సగం పోయింది. చివరి నిమిషాల్లో ఎవరు తగ్గించినా వేలం గడువు దానంతట అదే పెరుగుతుంది కాబట్టి ఈ మెట్లు అర్ధరాత్రి దాకా కొనసాగవచ్చు. కంప్యూటర్ ముందు కూర్చున్నవాడికి గెలుపు తప్ప మరేదీ కనిపించని వేళ అది. ముందే రాసుకున్న అంకె లేకపోతే చేయి ఆగదు.

3,870 నుంచి 3,634 దాకా ఉన్న జాగాలోకి దిగాలా వద్దా అన్నది ఫ్యాక్టరీ ఖాళీగా ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. జూన్ తరువాత బడుల ఆర్డర్లు అయిపోయి వెల్డర్లు ఊరికే కూర్చున్న నెలల్లో, అద్దెలో కొంతైనా రావడం మేలే. చేతినిండా పని ఉన్నప్పుడు ఆ ధరకు ఒప్పుకుంటే మంచి లాభమిచ్చే ప్రైవేటు ఆర్డరును పక్కకు నెట్టినట్టే. 3,634 కిందికి దిగడానికి మాత్రం ఏ కారణమూ చాలదు. మరీ తక్కువ ధర వేస్తే కొనుగోలుదారు ఖర్చు వివరాలు అడిగి, నమ్మకం కుదరకపోతే తిరస్కరించవచ్చు కూడా. పోటీదారులు కూడబలుక్కుని ధరలు పంచుకోవడం, అంటే సిండికేట్ కట్టడం, 2002 నాటి పోటీ చట్టం కింద విచారణకు, జరిమానాకు దారితీసే పని. మార్జిన్‌ను కాపాడుకునే మార్గాల్లో దాన్ని లెక్కించకూడదు.

ఎల్-వన్ కాకపోయినా అంతా పోయినట్టు కాదు. కేంద్ర ప్రభుత్వం 2012లో తెచ్చిన కొనుగోలు విధానం ప్రకారం, ఎల్-వన్ పెద్ద సంస్థ అయినప్పుడు, ఆ ధరకు 15 శాతం లోపు వేసిన సూక్ష్మ, చిన్న తయారీ సంస్థను ఎల్-వన్ ధరకు రమ్మని అడుగుతారు. ఒప్పుకుంటే, విడదీయగల సరుకైతే నాలుగో వంతు దాకా సరఫరా దానికి దక్కుతుంది. తాను తయారు చేయకుండా కొని అమ్మే వ్యాపారికి ఈ వెసులుబాటు వర్తించదు. ఎల్-వన్ కూడా చిన్న సంస్థే అయితే ఇది అసలు తలెత్తదు.

ఒక పెద్ద సంస్థ 4,000కి ఎల్-వన్ అయిందనుకుంటే, దానికి 15 శాతం కలిపితే వచ్చే 4,600 లోపు ఉన్న 4,200 కూడా లెక్కలోకి వస్తుంది. ఆ 4,000కి ఒప్పుకుంటే జీఎస్టీ తీసేశాక 3,390 వస్తుంది. పూర్తి ఖర్చు 3,280 పోగా 110 మిగులుతుంది. పాత బరువు పైపుతో లెక్క వేసి ఉంటే ఇదే ధరకు బల్లకు 90 నష్టం వచ్చేది. కానీ ఇక్కడ వచ్చేది 1,000 కాదు, 250 బల్లలు. వాటినీ ఎనిమిది చోట్లకు పంపాలంటే లారీలు సగం ఖాళీగా తిరుగుతాయి. రవాణా 200 నుంచి 280కి పెరిగితే మిగిలేది 30 రూపాయలు. మొత్తం ఆర్డరు మీద ఏడున్నర వేలు. ఇంతకోసం మూడేళ్ల వారంటీ తల మీద పెట్టుకోవడం మంచి బేరం కాదు. 250 బల్లలూ రెండు మూడు చోట్లకే ఇవ్వమన్నప్పుడు మాత్రం ఒప్పుకోవచ్చు.

గెలిచాక మార్జిన్‌ను తినేది ముఖ్యంగా ఇనుము ధర. కేంద్ర కొనుగోళ్లలో ఏడాదిన్నర లోపు సరఫరాలకు సాధారణంగా ధర స్థిరం. ఇనుము పెరిగితే ఆ భారం సరఫరాదారుదే. బిడ్ చెల్లుబాటు కాలం, ఆర్డరు వచ్చేదాకా పట్టే సమయం కలిపితే రెండు మూడు నెలలు గడుస్తాయి. ఈలోగా ఇనుము 10 శాతం పెరిగితే బల్లకు దాదాపు 98 రూపాయలు అదనం. లాభంలో మూడో వంతుకు పైగా పోతుంది. దీనికి తోడు, కొనుగోలుదారు అదే ధరకు మరో 25 శాతం దాకా పరిమాణం పెంచుకునే వీలు జెమ్ షరతుల్లో ఉంటుంది. ధర బాగా పెరిగిన నెలలోనే ఆ అదనపు 250 బల్లల ఆర్డరు వచ్చే అవకాశమూ ఎక్కువ. కనుక బిడ్ వేసే ముందే పైపు డీలరు దగ్గర గడువు తేదీ రాసిన కొటేషన్ తీసుకోవాలి. ఆర్డరు అందిన వారంలోనే మొత్తం పైపు కొనాలి. అందుకు పెట్టుబడి లేకపోతే లెక్కలో ఇనుము ధరను రెండు మూడు శాతం ఎక్కువ చేసి వేసుకోవాలి.

జీఎస్టీ మరో ఇరుకు. ఇన్వాయిస్ రాసిన మరుసటి నెల 20వ తేదీకి పన్ను కట్టాలి, సర్కారు డబ్బు వచ్చినా రాకపోయినా. ఈ ఆర్డరు మీద పన్ను సుమారు ఆరు లక్షల నలభై వేలు. పైపు, బోర్డు మీద కట్టిన పన్ను తగ్గించుకుంటే కూడా రెండు లక్షలకు పైగా చేతి డబ్బు పెట్టాలి. నెలాఖరున ఇన్వాయిస్ రాయడం కంటే, వీలున్నప్పుడు సరుకు కదలికను తరువాతి నెల మొదటి వారానికి పెట్టుకుంటే ముప్పై రోజులు కలిసొస్తుంది. చెల్లించేటప్పుడు కొనుగోలుదారు మరో 2 శాతం జీఎస్టీ టీడీఎస్‌గా పట్టుకుంటాడు. అది నష్టం కాదు, సంస్థ క్యాష్ లెడ్జర్‌లోకి చేరి తరువాతి పన్నుకు పనికొస్తుంది. కానీ ఆ నెల బ్యాంకు ఖాతాలో మాత్రం కనిపించదు.

బిల్లు ఆలస్యమైతే చిన్న సంస్థకు చట్టం అండ ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం ప్రకారం సరుకు స్వీకరించాక గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలవారీ చక్రవడ్డీగా, ఇవ్వాలి. ఫిర్యాదు చేస్తే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్ విచారిస్తుంది. తరువాతి టెండరులో ఎదురుపడాల్సిన అధికారులతో తగువెందుకని చాలామంది అడగరు. అందువల్ల ఆ వడ్డీని ఆదాయంగా అనుకుని ధర తగ్గించడం కుదరదు. ఆలస్యం ఖర్చు మొదట్లో వేసుకున్న 120 రూపాయల్లోనే ఉండాలి, చట్టం కింద వచ్చింది వచ్చినప్పుడు చూసుకోవాలి.